మార్కు ఎవరికి తెలియాలి?
విద్యార్థి వివరాల గోప్యత, సమాన ఆదరణ: ఉపాధ్యాయ నైతికతపై ఒక చర్చ

బడిలో ఉండే రికార్డుల్లో విద్యార్థి మార్కులతో పాటు అతని కులం, తల్లిదండ్రుల వృత్తి, వైకల్యం, ఫీజు బకాయి, ఆరోగ్య సమస్య వంటి వివరాలు కూడా ఏదో ఒక పుటలో నమోదై ఉంటాయి. ఈ వివరాలను అర్హత లేనివారికి తెలియనివ్వకపోవడాన్ని గోప్యత అనీ, పిల్లలందరినీ పక్షపాతం లేకుండా చూడడాన్ని సమాన ఆదరణ అనీ వృత్తి నైతికతలో రెండు వేర్వేరు సూత్రాలుగా చెప్పడం పరిపాటి. తరగతి గదిలో మాత్రం ఇవి విడివిడిగా ఉండవు. గోప్యత సడలిన చోట సమాన ఆదరణ కూడా దెబ్బతింటుంది.

కాగితాలు మార్చుకుని దిద్దడంపై ఒక తీర్పు

స్లిప్ టెస్టు ముగిశాక పిల్లలు పక్కవారితో కాగితాలు మార్చుకోవడం, టీచరు జవాబులు చదువుతుంటే దిద్దడం, ఆపై ఒక్కొక్కరి మార్కు పైకి చెప్పడం తెలుగునాట బడుల్లో అందరూ ఎరిగిన పద్ధతే. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో ఇదే పద్ధతి తన పిల్లలను తలదించుకునేలా చేస్తోందని ఒక తల్లి అభ్యంతరం చెప్పగా, బడి యాజమాన్యం దాన్ని మానడానికి ఒప్పుకోలేదు. కావాలంటే మార్కును టీచరుకు మాత్రమే రహస్యంగా చెప్పుకునే వీలు పిల్లలకు ఎప్పుడూ ఉందని అది సమాధానమిచ్చింది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా విద్యా రికార్డులను ఇతరులకు వెల్లడించే విధానమున్న సంస్థలకు కేంద్ర నిధులు ఇవ్వరాదని చెప్పే 1974 నాటి చట్టం ఆధారంగా సాగిన ఈ వివాదంలో అప్పీలు కోర్టు తల్లి పక్షాన నిలిచినా, 2002 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ బడి పక్షానే తేల్చారు.

ఆ తీర్పుకు ఆధారమైన తర్కం సూక్ష్మమైనది. సంస్థ గానీ, సంస్థ తరఫున పనిచేసే వ్యక్తి గానీ భద్రపరిచినదే చట్టం దృష్టిలో రికార్డు అవుతుంది. పక్కవాడి కాగితం దిద్దే విద్యార్థి సంస్థ ప్రతినిధి కాడు, ఆ క్షణానికి ఆ మార్కును బడి ఇంకా భద్రపరచనూ లేదు. టీచరు రిజిస్టరులోకి ఎక్కిన మార్కు రికార్డు అవుతుందా అన్న ప్రశ్నను కోర్టు తేల్చకుండానే వదిలింది. చట్టపరంగా ఈ వాదన నిలిచినా, తరగతిలో తన మార్కు పైకి వినిపించిన పిల్లవాడికి కలిగే చిన్నతనం అది రిజిస్టరులోకి ఎక్కేదాకా ఆగదు. అందువల్ల చట్టం ఇంకా వర్తించని ఆ కొద్ది నిమిషాల్లో కూడా నైతిక బాధ్యత టీచరుపైనే ఉంటుంది.

ఒక మార్కుల జాబితాను పరిశీలిస్తే

విద్యార్థుల సమాచారాన్ని గోప్యంగా ఉంచి, దాన్ని పొందడానికి న్యాయంగా అర్హులైనవారికే అందించాలని జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి రూపొందించిన వృత్తి నైతిక నియమావళి చెబుతుంది. కులం, మతం, లింగం, భాష, పుట్టిన చోటు వంటి భేదాలు చూడకుండా పిల్లల పట్ల నిష్పక్షపాతంగా ఉండాలన్నది కూడా అందులోని నియమమే. అయితే అర్హులు ఎవరన్నది ప్రతి సందర్భంలోనూ టీచరే తేల్చుకోవాలి.

నలభై మంది పిల్లలున్న ఎనిమిదో తరగతిలో గణితం పరీక్ష జరిగిందనీ, పేరు, సామాజిక వర్గం, మార్కులు, 'ప్రత్యేక అవసరాలు' అన్న గడులున్న రిజిస్టరు పుటను క్లాస్ టీచరు ఫొటో తీసి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టారనీ అనుకుందాం. ఒక తల్లికి తన బిడ్డ మార్కూ, దిద్దిన కాగితమూ కావాలి. మిగతా ముప్పై తొమ్మిది మంది మార్కులతో ఆమెకు పని లేదు. ప్రధానోపాధ్యాయుడికి తరగతి స్థాయి తెలియాలి, స్కాలర్‌షిప్ పని చూసే గుమాస్తాకు కులం, ఆదాయం ధ్రువపత్రాలు అందాలి, అంతేగాని ఈ పరీక్ష మార్కులు అతనికి అక్కరలేదు. ఒక్క ఫొటోతో ఆ పుటలోని వివరాలన్నీ అందరికీ చేరాయి. గ్రూపులోంచి దాన్ని తొలగించినా అప్పటికే దాచుకున్నవారి ఫోన్లలో అది మిగిలిపోతుంది.

పేర్లు తీసేసి రోల్ నంబర్లు మాత్రమే పెడితే సరిపోతుందన్న నమ్మకం కూడా నిలవదు, ఎందుకంటే రోజూ హాజరు పిలిచే తరగతిలో ఎవరి నంబరు ఏదో అందరికీ కంఠస్థమే. తరగతిలో ప్రత్యేక అవసరాలు గల విద్యార్థి ఒక్కడే ఉన్నప్పుడు, 'ఆ వర్గంలో ఒకరు తప్పారు' అన్న మాట పేరు చెప్పినదానితో సమానం. స్కాలర్‌షిప్ దరఖాస్తుల కోసం ఫలానా కులం పిల్లలు లేచి నిలబడమని తరగతిలో అడగడం కూడా ఇలాంటి వెల్లడే. ఆ పనికి ఇంటికి పంపే కాగితం చాలు.

గోప్యత అంటే విద్యార్థి నుంచే అతని వివరాలను దాచడం కాదు. రాసిన అభ్యర్థికి తన జవాబు పత్రాన్ని చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద ఉందని సుప్రీంకోర్టు 2011లో సి.బి.ఎస్.ఇ. కేసులో చెప్పింది.

తెలిసిన వివరం దిద్దే చేతిని ప్రభావితం చేస్తే

గోప్యత న్యాయానికి ఎలా తోడ్పడుతుందో రేమా హన్నా, లీ లిండెన్ అనే ఆర్థికవేత్తలు భారతదేశంలో జరిపి 2012లో ప్రచురించిన ప్రయోగం చూపుతుంది. పిల్లల జవాబు పత్రాలకు వయసు, లింగం, కులం రాసిన ముఖపత్రాలను ఇష్టానుసారం కాక లాటరీ పద్ధతిలో జోడించి ఉపాధ్యాయుల చేత దిద్దించినప్పుడు, తక్కువ కులం అని రాసి ఉన్న పత్రాలకు సగటున కొంచెం తక్కువ మార్కులు పడ్డాయి. తేడా చిన్నదే అయినా, ముఖపత్రానికీ జవాబు నాణ్యతకూ సంబంధమే లేనప్పుడు అది ఉండకూడని తేడా. దిద్దడం మొదలుపెట్టిన తొలి పత్రాల్లోనే ఈ వివక్ష ఎక్కువగా కనిపించింది; మార్కుల కొలత ఇంకా స్థిరపడనప్పుడు దిద్దేవారు విద్యార్థి గురించి తెలిసిన వివరంపై ఆధారపడుతున్నారని దాన్నిబట్టి అర్థమవుతుంది.

దీన్ని తగ్గించే ఉపాయాలు టీచరు చేతిలోనే ఉన్నాయి. పేరున్న మొదటి పుటను మడిచి ఉంచడం, ఏ మెట్టుకు ఎన్ని మార్కులో ముందే రాసుకోవడం, ఒక్కో కాగితం పూర్తిగా కాక అందరి మొదటి ప్రశ్న దిద్దాకే రెండోదానికి వెళ్లడం, చివరికి మొదట దిద్దిన నాలుగైదు కాగితాలను మళ్లీ చూడడం. ఏడాదంతా చూసిన చేతిరాతను గుర్తుపట్టకుండా ఉండడం కష్టం కనుక పేరు దాచడం ఒక్కటే సరిపోదు. ముందే రాసుకున్న మార్కుల విభజన అందుకే ముఖ్యం.

తెలియాల్సినప్పుడు, చెప్పాల్సినప్పుడు

అందరినీ సమానంగా చూడడమంటే అందరికీ ఒకేలా ఇవ్వడం కాదు. అక్షరాలు గుర్తించి చదవడంలో ఇబ్బంది ఉండే డిస్లెక్సియా గల విద్యార్థికి అదనపు సమయం ఇవ్వాలంటే ఆ సంగతి టీచరుకు తెలియాలి, కానీ తరగతికి తెలియనక్కరలేదు. 'వాడికెందుకు ఎక్కువ టైమ్?' అని మరో పిల్లవాడు అడిగితే, 'ఎవరికి ఏది అవసరమో చూసి ఇస్తాను, నీకేం కావాలో చెప్పు' అన్న జవాబు నిజమూ అవుతుంది, రహస్యాన్నీ కాపాడుతుంది.

గోప్యతకు ఒక కచ్చితమైన హద్దు ఉంది. లైంగిక వేధింపు జరిగిందని ఒక పిల్ల చెప్పుకుంటే, 'ఎవరికీ చెప్పను' అని మాట ఇచ్చే అధికారం టీచరుకు లేదు, ఎందుకంటే 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, తెలియజేయకపోవడం శిక్షార్హం. అలాంటప్పుడు సాయం చేయగలవారికి చెప్పక తప్పదని ఆ పిల్లకు ముందే వివరించాలి, చట్టం కోరిన వారికి తప్ప స్టాఫ్ రూమ్‌లో మరెవరికీ ఆ మాట చేరనివ్వకూడదు.

ఈ చర్చలో ప్రతి బడీ తేల్చుకోవలసిన అంశాలు మూడు: మార్కులు పైకి చదవడం మానాలి, తల్లిదండ్రుల గ్రూపులో ఏ విద్యార్థి వ్యక్తిగత వివరమూ పెట్టకూడదు, ప్రతి రిజిస్టరును ఎవరు తెరవవచ్చో రాతపూర్వకంగా నిర్ణయించాలి. వీటికి ప్రత్యేక నిధులూ, కొత్త చట్టమూ అక్కరలేదు. విద్యా సంవత్సరం మొదట్లో జరిగే సిబ్బంది సమావేశంలోనే నిర్ణయించుకోవచ్చు.