రెండు వందల మీటర్ల చుట్టు, కిలోమీటరు పేస్

ఇండోర్ ట్రాక్ ఒక చుట్టు 200 మీటర్లు. అంటే కిలోమీటరుకు అయిదు చుట్లు. చుట్టుకు పట్టిన సెకన్లను అయిదుతో గుణిస్తే కిలోమీటరుకు ఎన్ని సెకన్లో తేలుతుంది. నోటిలెక్కకు ఇంతకంటే సులువైన దారి పన్నెండుతో భాగించడం, అప్పుడు జవాబు నేరుగా నిమిషాల్లోనే వస్తుంది. చుట్టుకు 48 సెకన్లు పడితే పేస్ కిలోమీటరుకు 4 నిమిషాలు, 60 పడితే 5 నిమిషాలు. 44 సెకన్లయితే మూడు నిమిషాలు పోను ఇంకా మూడింట రెండు వంతుల నిమిషం, అంటే 3:40.

గుణకారంతో పాటు పొరపాటు కూడా అయిదింతలవుతుంది. చేతి గడియారం నొక్కడంలో 0.2 సెకను తేడా వస్తే పేస్‌లో ఒక సెకను తేడా పడుతుంది. అందుకే ఒక్క చుట్టు చూసి పేస్ చెప్పకుండా వరుసగా అయిదు చుట్ల మొత్తం సమయం తీసుకోవాలి. నిలబడి మొదలుపెట్టిన తొలి చుట్టును ఈ లెక్కలో కలపకూడదు. పైకప్పు కింద జీపీఎస్ సంకేతం సరిగా అందదు కాబట్టి వాచీ చూపే దూరం చాలావరకు చేతి ఊపు నుంచి కట్టిన అంచనాయే. అక్కడ నమ్మదగినది ల్యాప్ బటన్ ఒక్కటే.

ఈ లెక్కంతా చుట్టు నిజంగా 200 మీటర్లే అన్న షరతు మీద నిలబడింది. ఆ కొలత ట్రాక్ లోపలి అంచు మీద తీసింది కాదు. మొదటి లేన్ లోపలి వైపు కెర్బ్ అనే ఎత్తైన అంచు ఉంటే దానికి 30 సెంటీమీటర్ల బయట ఉన్న ఊహారేఖ మీద తీసింది. మిగతా లేన్లకు లోపలి గీత నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో కొలుస్తారు. ఆ రేఖ నుంచి ఒక మీటరు బయటికి జరిగి పరుగెత్తితే చుట్టుకు 6.28 మీటర్లు ఎక్కువవుతుంది. ఆ సంఖ్య రెండు పైలు. వంపు వ్యాసార్థం ఎంతన్నదానితో దానికి పని లేదు, కాబట్టి 400 మీటర్ల ట్రాక్ మీద కూడా పెరిగేది అదే 6.28 మీటర్లు. అక్కడ అది ఒకటిన్నర శాతం, ఇక్కడ మూడు శాతం పైచిలుకు. పక్కవాణ్ణి దాటడానికి అర మీటరు బయట నడిచే అలవాటున్న రన్నర్ ప్రతి చుట్టుకు మూడు మీటర్లు లెక్కలోకి రాకుండా పరుగెత్తుతున్నాడు.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. లేన్ వెడల్పు ఒక మీటరు. సాధన రద్దీ వల్ల ఒక రన్నర్ మూడో లేన్‌లో చుట్టుకు 44 సెకన్లు తీస్తున్నాడు. అయిదుతో గుణిస్తే 3:40. కానీ మూడో లేన్ కొలతరేఖ మొదటిదానికంటే 1.9 మీటర్లు బయట ఉంటుంది. దాన్ని 6.28తో గుణిస్తే దాదాపు 12 మీటర్లు, అంటే ఒక చుట్టు సుమారు 212 మీటర్లు. 44ను 1000తో గుణించి 212తో భాగిస్తే 207.5 సెకన్లు, అంటే 3:27.5. పేస్ పన్నెండు సెకన్లకు పైగా మారిపోయింది, వంపు మాట ఇంకా ఎత్తకుండానే.

ఇక వంపు. 200 మీటర్ల ట్రాక్ మీద వంపు వ్యాసార్థం సుమారు 17.5 మీటర్లు అనుకుంటే చుట్టులో 110 మీటర్లు వంపులే. బయటి 400 మీటర్ల ట్రాక్ మీద ఈ వ్యాసార్థం 36.8 మీటర్లు. వంపులో శరీరాన్ని లోపలికి తిప్పే బలం వేగం వర్గాన్ని వ్యాసార్థంతో భాగించినంత ఉండాలి. ఆ బలం కాళ్ల నుంచే రావాలి కాబట్టి, వంపులో ఉన్నంతసేపు రన్నర్ కొంచెం బరువెక్కినట్టే లెక్క. సెకనుకు 4.5 మీటర్ల వేగంలో, అంటే దాదాపు 44 సెకన్ల చుట్టులో, పెరిగే భారం 0.7 శాతం. వంపులు చుట్టులో సగానికి కాస్త ఎక్కువే కనుక సగటున 0.4 శాతం. భారం పెరిగిన మేరకే పేస్ తగ్గుతుందని స్థూలంగా అనుకున్నా కిలోమీటరుకు సెకను కూడా పోదు. పై ఉదాహరణలో లేన్ పొరపాటు ముందు ఇది లెక్కలోకి రానంత చిన్నది.

వేగం పెరిగితే కథ మారుతుంది, ఎందుకంటే ఇక్కడ పనిచేసేది వేగం వర్గం. చుట్టుకు 30 సెకన్లయితే వంపులో భారం 3.3 శాతం, శరీరం లోపలికి వాలే కోణం 14 డిగ్రీలు పైన. సగటున కిలోమీటరుకు రెండున్నర సెకన్లకు పైగా నష్టం. చదును ట్రాక్ మీద ఇది కనీస అంచనా మాత్రమే. భారం లెక్క రెండు కాళ్లూ సమానంగా పనిచేస్తాయనుకుంటుంది. నిజానికి చిన్న వంపుల్లో లోపలి కాలు అంత బలంగా నేలను తొయ్యలేదని చాంగ్, క్రామ్ 2007లో చూపించారు. పొట్టి పరుగుల్లో ఈ తేడా ఎంత ముదిరిందంటే, లోపలి లేన్ దక్కినవారికి గెలిచే అవకాశమే తక్కువన్న కారణంతో 2004 తర్వాత ప్రపంచ ఇండోర్ పోటీల నుంచి 200 మీటర్ల పరుగును తీసేశారు. 2024లో టెహ్రాన్‌లో జ్యోతి యర్రాజి ఆసియా ఇండోర్ స్వర్ణం గెలిచిన 60 మీటర్ల హర్డిల్స్‌కు ఈ గొడవ లేదు, అది తిన్నని దారిలో పరుగు.

మంచి ఇండోర్ ట్రాక్‌లలో వంపుల్ని బయటి వైపు ఎత్తి వాలుగా కడతారు. పది డిగ్రీల వాలు దాదాపు సెకనుకు 5.5 మీటర్ల వేగానికి, అంటే 36 సెకన్ల చుట్టుకు, సరిగ్గా సరిపోతుంది. ఆ వేగంలో పాదం నేలకు నిటారుగా పడుతుంది. అంతకంటే వేగంగా వెళ్లేవారికి వాలు కొంత భారం తగ్గిస్తుంది. నెమ్మదిగా 50 సెకన్ల చుట్లు తిరిగేవారి శరీరం అయిదు డిగ్రీలే వాలుతుంది, నేల మాత్రం పది డిగ్రీలు ఒరిగి ఉంటుంది. ఎడమవైపుకే తిరుగుతూ గంటసేపు పరుగెత్తినవారి చీలమండ పట్టేయడానికి ఇదొక కారణం. పైగా ఈ వాలు వారికి పేస్‌లో ఏ లాభమూ ఇవ్వదు.

నిజమైన పోటీలో తేడా ఎంత ఉంటుందో యాకోబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్ సమయాలు చూపిస్తాయి. 2024లో మొనాకోలో బయటి ట్రాక్ మీద 1500 మీటర్లు 3:26.73. 2025లో ఫ్రాన్స్‌లోని లియెవాన్‌లో వాలు కట్టిన ఇండోర్ ట్రాక్ మీద 3:29.63, అప్పటికి ప్రపంచ ఇండోర్ రికార్డు. చుట్టుకు సగటున 27.95 సెకన్లు, కిలోమీటరుకు దాదాపు 2:20. బయట కిలోమీటరుకు దాదాపు 2:18. రెండు సెకన్ల తేడా, సుమారు 1.4 శాతం. అందులో వంపు వాటా ఎంతో, పోటీల తీరు వాటా ఎంతో విడదీయలేం. అయినా వాలున్న చోట కూడా అంకె భారం లెక్క చెప్పిన స్థాయిలోనే ఉంది.

చదును ట్రాక్ మీద సాధన చేసేవారు పట్టికలో అంకె తీసుకోవడం కంటే తమ సొంత నిష్పత్తి కట్టుకోవడం మేలు. అదే వారంలో, సమాన విశ్రాంతి తర్వాత, ఒకే గుండెవేగం దగ్గర బయట కొలిచిన దూరం మీద నాలుగు కిలోమీటర్లు, లోపల మొదటి లేన్‌లో ఇరవై చుట్లు పరుగెత్తి రెండు పేస్‌లను భాగించాలి. గాలి, వేడి బయటి ఫలితాన్ని చెడగొడతాయి కాబట్టి చల్లని, గాలి లేని ఉదయం ఎంచుకోవాలి. మెల్లని పరుగులో తేడా ఒక శాతం దాటితే వంపును అనుమానించే ముందు పాదం ఏ గీత వెంట పడుతోందో చూడాలి. వంపు మధ్యలో ఎవరినైనా నిలబెట్టి అయిదు చుట్లు గమనించమంటే అర మీటరు జరుగుడు ఇట్టే దొరుకుతుంది. ఇలా వచ్చిన నిష్పత్తి ఆ పేస్‌కే పనికొస్తుంది. 50 సెకన్ల చుట్ల నుంచి తీసిన అంకెను 32 సెకన్ల ఇంటర్వెల్స్‌కు వేస్తే వంపు నష్టం తక్కువగా కనిపిస్తుంది. వేగం పరుగులకు వేరే కొలత తీసుకోవాలి.