సెలవు అడిగే మెసేజ్: ముందు తేదీలు, తర్వాతే కారణం

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్లు చూసే ఉద్యోగిని అనుకోండి. విజయవాడలో ఉన్న తల్లికి కంటి శుక్లం ఆపరేషన్. మేనేజర్‌కు వాట్సాప్‌లో పెట్టాలని ఇలా రాసుకుంది:

"గుడ్ ఈవెనింగ్ సర్, డిస్టర్బ్ చేస్తున్నందుకు సారీ సర్. మా అమ్మగారికి చాలా రోజుల నుంచి కన్ను సరిగా కనపడటం లేదు సర్. డాక్టర్‌కి చూపిస్తే శుక్లం ముదిరింది, ఆపరేషన్ చేయాలన్నారు. తమ్ముడు బెంగళూరులో ఉంటాడు, వాడికి కుదరదంటున్నాడు. నాన్నగారికేమో షుగర్. ఇప్పుడు ఆఫీసులో పని ఎక్కువని తెలుసు సర్, కానీ తప్పడం లేదు. వీలైతే వచ్చే వారం ఒకటి రెండు రోజులు సెలవు ఇవ్వగలరా సర్? కుదరకపోతే ల్యాప్‌టాప్ తీసుకెళ్లి అక్కడి నుంచే పని చేస్తాను. ఏమీ అనుకోకండి సర్."

ఇందులో అబద్ధం లేదు, అమర్యాద లేదు. అయినా ఇది చదివి మేనేజర్ వెంటనే "సరే" అనలేరు. ఏ రోజుల్లో, ఎన్నాళ్లు, ఆ రోజుల్లో పని ఎవరు చూస్తారు అని తిరిగి అడగాల్సిందే. సెలవు మెసేజ్ బాగుందో లేదో తేల్చే పరీక్ష ఇదే: చదివినవాళ్లకు ఇంకో ప్రశ్న మిగలకూడదు.

దిద్దుబాటు తేదీలతో మొదలుపెట్టాలి. ఫోన్ తెర మీద నోటిఫికేషన్‌లో కనపడేది మొదటి ఒకటి రెండు వాక్యాలే. అక్కడ క్షమాపణ కాదు, సెలవు మాట ఉండాలి. "వచ్చే వారం ఒకటి రెండు రోజులు" అన్న చోట "జూలై 16, 17 (గురు, శుక్ర)" అని రాయాలి. పక్కన వారం పేరు కూడా ఉంటే తేదీ పొరపాటు పడినా వెంటనే తెలిసిపోతుంది.

కారణం ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం ఎన్ని రోజులు అడుగుతున్నారో దానికి లెక్క చెప్పాలి. 16న ఆపరేషన్, 17న డాక్టర్ మళ్లీ కన్ను చూస్తారు. కాబట్టి రెండు రోజులు. తమ్ముడి సంగతి, నాన్నగారి షుగర్ ఆ లెక్కకు అక్కర్లేదు. పైగా ఇంటి విషయాలు ఎన్ని చెబితే అన్ని సలహాలకు తావిచ్చినట్టు. "తమ్ముణ్ని రమ్మనకూడదా?" అనే ప్రశ్న ఆ వాక్యం నుంచే పుడుతుంది.

మెసేజ్‌ను మెత్తబరిచేవి "వీలైతే", "కుదరకపోతే" అన్న రెండు మాటలు. కాదనడానికి దారి మనమే చూపిస్తున్నాం. ల్యాప్‌టాప్ మాట ఇంకా నష్టం. అది వదిలితే సెలవు పేరుకే మిగులుతుంది, ఆస్పత్రి వరండాలో కూర్చుని బిల్లులు చూసుకోవాల్సి వస్తుంది. అలాగని "16, 17 రాను" అని తెగేసి చెప్పడమూ సరికాదు. సెలవు మంజూరు చేసే అధికారం పైవారిది. "సెలవు కావాలి, మంజూరు చేయగలరు" అంటే అవసరం గట్టిగా చెప్పినట్టూ ఉంటుంది, వారి మాటకు విలువ ఇచ్చినట్టూ ఉంటుంది.

పని ఎక్కువని తెలుసంటూ నొచ్చుకునే బదులు, ఆ పని ఏమవుతుందో చెప్పాలి. అందుకోసం మెసేజ్ పంపకముందే పని చూసే తోటి ఉద్యోగిని అడిగి ఒప్పించుకోవాలి. అడగకుండా పేరు రాస్తే రెండు పక్కలా మాట పోతుంది.

దిద్దాక ఇలా వచ్చింది:

"నమస్తే సర్. జూలై 16, 17 (గురు, శుక్ర) నాకు సెలవు కావాలి. 16న విజయవాడలో అమ్మకు కంటి ఆపరేషన్, 17న చెకప్. దగ్గర నేనే ఉండాలి. నెలవారీ రిపోర్టు 15 సాయంత్రానికి ఇచ్చేస్తాను. ఆ రెండు రోజులు అర్జెంటు బిల్లులు బిల్లింగ్ మేడమ్ చూస్తారు, మాట్లాడాను. 20 సోమవారం డ్యూటీకి వస్తాను. మంజూరు చేయగలరు."

మొదటి దానిలో సుమారు మూడింట రెండు వంతులే. "సర్" ఒక్కసారే ఉంది, మర్యాద ఎక్కడా తగ్గలేదు.

"వాయిదా వేసుకోలేరా?" అని జవాబు వస్తే కొత్త కారణాలు వెతకనక్కర్లేదు. "ఆపరేషన్ తేదీ ఆస్పత్రివారు ఇచ్చారు సర్, మార్చడం కుదరదు. రిపోర్టు ఒక రోజు ముందే, 14న ఇస్తాను" అంటే చాలు. తేదీ కదలదు, పని విషయంలో సర్దుబాటు ఉంటుంది. అయితే నిజంగా కదల్చలేని తేదీకే ఈ మాట వాడాలి. ఊరెళ్లి నాలుగు రోజులు ఉండి రావాలనుకుంటే రెండు తేదీలు రాసి ఏది వీలో అడగడమే న్యాయం.

ఈసారి సెలవు మెసేజ్ రాసినప్పుడు పంపే ముందు ఒక్కసారి మేనేజర్ కళ్లతో చదవండి. ఎప్పుడు, ఎందుకు, పని ఎవరు చూస్తారు, తిరిగి ఎప్పుడొస్తారు అన్న నాలుగింటికీ జవాబు ఉంటే పంపేయండి. ఈ నాలుగింటిలో దేనికీ పనికిరాని వాక్యం కనిపిస్తే కొట్టేయండి.