ఆవు మూత్రంలో క్రియాటినిన్ కొలత: క్షార పిక్రేట్ వర్ణచర్యలో కీటోన్ పదార్థాల వల్ల కలిగే దోషం

రామసముద్రం, పుంగనూరు, కుప్పం ప్రాంతాల రైతుల పాకల్లోని పాడి ఆవు రోజంతా విసర్జించే మూత్రాన్ని పూర్తిగా సేకరించడం ఆచరణలో కష్టం. అందుచేత క్షేత్రస్థాయి మేపు పరీక్షలలో ఒక్కసారి పట్టిన నమూనాలోని క్రియాటినిన్‌ను కొలిచి, దాని ఆధారంగా దినసరి మూత్ర పరిమాణాన్ని అంచనా వేస్తారు. క్రియాటినిన్ కండరాలలోని క్రియాటిన్ నుండి ఏర్పడుతుంది. శరీర బరువును బట్టి దాని దినసరి విసర్జన దాదాపు స్థిరంగా ఉంటుందన్న భావనే ఈ అంచనాకు మూలం. ఆ పరిమాణం నుండే నత్రజని విసర్జనను, ప్యూరిన్ ఉత్పన్నాల ద్వారా పెద్దపొట్టలో తయారయ్యే సూక్ష్మజీవ మాంసకృత్తులను లెక్కగడతారు. కనుక క్రియాటినిన్ కొలతలోని దోషం తరువాతి లెక్కలన్నింటికీ సంక్రమిస్తుంది.

కొలిచే విధానం

క్షార మాధ్యమంలో క్రియాటినిన్ పిక్రేట్‌తో కలిసి నారింజ-ఎరుపు రంగునిస్తుందని మాక్స్ యాఫె 1886లో గుర్తించాడు. ఈ చర్యను ఓటో ఫోలిన్ 1904లో మూత్ర పరిమాణాత్మక పరీక్షగా మలిచాడు.

మూత్రాన్ని నీటితో 100 రెట్లు పలుచన చేయాలి. పలుచన చేసిన మూత్రం 3 మి.లీ.కు 0.04 మోలార్ పిక్రిక్ ఆమ్లం 1 మి.లీ., 0.75 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ 1 మి.లీ. చేర్చి, 15 నిమిషాల తరువాత 520 నానోమీటర్ల వద్ద శోషణను చదవాలి. మూత్రానికి బదులు నీరు తీసుకున్న ఖాళీ నాళికను, మి.లీ.కు 0.01 మి.గ్రా. క్రియాటినిన్ గల ప్రామాణిక ద్రావణాన్ని అదే సమయంలో నడపాలి. రంగు ఉష్ణోగ్రతను, కాలాన్ని బట్టి మారుతుంది. కాబట్టి నిన్నటి ప్రామాణిక విలువను నేటి నమూనాకు వాడరాదు. పిక్రిక్ ఆమ్లం ఎండితే పేలే స్వభావం గలది. దానిని ఎల్లప్పుడూ తడిగానే ఉంచాలి, లోహపు మూత తగలనీయరాదు.

రంగునిచ్చే ఇతర పదార్థాలు

ఈ రంగు క్రియాటినిన్‌కు మాత్రమే పరిమితం కాదు. అసిటోఅసిటేట్, అసిటోన్, పైరువేట్, గ్లూకోజ్, ఆస్కార్బిక్ ఆమ్లం, సెఫాక్సిటిన్ వంటి కొన్ని సెఫలోస్పోరిన్ మందులు కూడా పిక్రేట్‌తో రంగునిస్తాయి. మూత్రంలో క్రియాటినిన్ అధికంగా ఉంటుంది గనుక సాధారణంగా వీటి ప్రభావం స్వల్పం. రక్తరసంలో మాత్రం ఇది ఎక్కువ. పాడి ఆవులో ప్రధానంగా గమనించవలసింది ఈనిన తరువాతి మొదటి వారాలలో వచ్చే కీటోసిస్. అప్పుడు మూత్రంలో అసిటోఅసిటేట్ బాగా పెరుగుతుంది.

ఒక లెక్కను ఉదాహరణగా తీసుకుందాం. 400 కిలోల ఆవు కిలో బరువుకు రోజుకు 24 మి.గ్రా. క్రియాటినిన్ విసర్జిస్తుందనుకుంటే మొత్తం 9600 మి.గ్రా. అవుతుంది. ప్రామాణిక ద్రావణం, నమూనా రెండూ 0.400 శోషణ చూపితే నమూనాలో లీటరుకు 1000 మి.గ్రా. ఉన్నట్లు, దినసరి మూత్రం 9.6 లీటర్లు అయినట్లు తేలుతుంది. ఆ శోషణలో 0.080 కీటోన్‌లదైతే అసలు క్రియాటినిన్ 800 మి.గ్రా., మూత్రం 12 లీటర్లు. అంటే నత్రజని, ప్యూరిన్ ఉత్పన్నాల విసర్జన రెండూ 20 శాతం తక్కువగా నమోదవుతాయి. జబ్బు ఆవులో సూక్ష్మజీవ మాంసకృత్తులు తగ్గాయన్న తప్పుడు నిర్ధారణకు ఇది దారితీస్తుంది.

దోషాన్ని గుర్తించడం

తెలిసిన పరిమాణంలో క్రియాటినిన్ కలిపి తిరిగి రాబట్టే పరీక్ష ఇక్కడ మోసగిస్తుంది. కీటోన్‌ల రంగు రెండు నాళికలలోనూ సమానంగా ఉండటం వల్ల తేడా సరిగానే కనిపించి, రాబడి 100 శాతం వస్తుంది. పలుచన పెంచి చూసినా అంతే. రెండు రంగులూ కలిసే తగ్గుతాయి.

కాబట్టి మొదట తాజా మూత్రాన్ని నైట్రోప్రుస్సైడ్ పరీక్షకు గురిచేయాలి. ఊదారంగు వస్తే అసిటోఅసిటేట్ ఉన్నట్లు. అటువంటి నమూనాలో రంగును ఒకసారి చదివి, ఎసిటిక్ ఆమ్లంతో ఆమ్లీకరించి, కొన్ని నిమిషాల తరువాత మళ్లీ చదవాలి. క్రియాటినిన్ రంగు ఆమ్లంలో త్వరగా విరిగిపోతుంది. ఇతర పదార్థాల రంగు చాలావరకు నిలుస్తుంది. పై ఉదాహరణలో, పరిమాణపు మార్పును సవరించిన తరువాత మిగిలిన 0.080ను మొదటి విలువ నుండి తీసివేస్తే 0.320 వస్తుంది. ఖాళీ నాళికకు, ప్రామాణిక ద్రావణానికి కూడా అంతే ఆమ్లం చేర్చాలి.

ఈ సవరణ సంపూర్ణం కాదు. కీటోన్‌లు అధికంగా ఉన్న నమూనాలను ఎంజైమ్ పద్ధతిలో మళ్లీ కొలవాలి, లేదా ఆ ఆవును లెక్క నుండి తప్పించాలి. కీటోన్‌లను పోగొట్టడానికి మూత్రాన్ని ఆమ్లంతో మరిగించడం తగదు. ఆ వేడికి క్రియాటిన్ క్రియాటినిన్‌గా మారి, ఒక దోషం స్థానంలో మరొకటి చేరుతుంది. నమూనా పట్టిన రోజున ఆవు ఈని ఎన్నాళ్లయింది, ఏ మందులు వాడారు, నైట్రోప్రుస్సైడ్ ఫలితం ఏమిటి అన్న మూడు వివరాలను సీసాతో పాటే రాసి ఉంచితే, అనుమానించవలసిన నమూనా ఏదో ప్రయోగశాలలో ముందే తెలుస్తుంది.