పేరు సరిగ్గా చెప్పినంత మాత్రాన రంగు కనబడినట్టు కాదు

1792లో జాన్ డాల్టన్ ఒక జెరేనియం పువ్వును కొవ్వొత్తి వెలుగులో చూసి ఆశ్చర్యపోయాడు. పగలు ఆ పువ్వు ఆయన కంటికి దాదాపు ఆకాశనీలంగా కనబడేది. దీపం దగ్గర మాత్రం నీలం జాడే లేదు, ఎర్రగా ఉంది. మిగతావాళ్లను అడిగితే అంత తేడా ఏమీ లేదన్నారు. తోడబుట్టినవాడు ఒక్కడే ఆయన చెప్పినట్టు చెప్పాడు. పరమాణు సిద్ధాంతంతో తర్వాత ప్రసిద్ధుడైన ఈ శాస్త్రవేత్త 1794లో మాంచెస్టర్‌లో తన చూపు గురించి ఒక వ్యాసం చదివాడు. ఎర్ర లక్క కడ్డీ, లారెల్ ఆకు తనకు ఒకే రంగులో ఉంటాయని అందులో రాశాడు. ఆయన కోరిక మేరకు మరణానంతరం దాచిన కంటి కణజాలాన్ని 1995లో పరీక్షిస్తే, పచ్చ వైపు వెలుగును పట్టే శంకుకణాలకు కావలసిన జన్యువు లేదని తేలింది.

మన కంటిలో శంకుకణాలు మూడు రకాలు. ఎరుపు, ఆకుపచ్చలను వేరుచేసేది వాటిలో రెండు రకాల మధ్య తేడా. పచ్చ వైపు రకం లేకపోతే డ్యూటెరనోపియా, ఎరుపు వైపుది లేకపోతే ప్రోటనోపియా. పూర్తిగా లేకపోవడం కంటే, కణం ఉండి కూడా రెండోదానికి బాగా దగ్గరగా పనిచేయడమే ఎక్కువ మందిలో కనిపిస్తుంది. ఈ జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి కాబట్టి ఇది ఎక్కువగా మగవారిలోనే కనబడుతుంది. ఐరోపా మూలాల మగవారిలో నూటికి ఎనిమిది మందికి ఉంది.

అయినా వాళ్లలో చాలామంది రక్తం ఎరుపనీ, ఆకు పచ్చనిదనీ తడుముకోకుండా చెబుతారు. అబద్ధమాడటం లేదు. చిన్నప్పటి నుంచి వినివిని ఏ వస్తువుకు ఏ రంగు పేరో నేర్చుకున్నారు. దానికి తోడు వెలుగు ముదురు, లేత తేడాలను శ్రద్ధగా గమనిస్తారు. ప్రోటనోపియా ఉన్నవారికి ఎరుపు బాగా చీకటిగా కనబడుతుంది, కాబట్టి ఆ చీకటినే ఎరుపుకు గుర్తుగా పెట్టుకుంటారు. ఆసరా తీసేస్తే ఇబ్బంది బయటపడుతుంది. మిరపచేలో కాయ ఎక్కడుందో ఆకారాన్ని బట్టి పట్టుకోగలిగినవాడు, పండిందేదో పచ్చిదేదో దూరం నుంచి చెప్పలేకపోవచ్చు. ముదురు ఎరుపును గోధుమ రంగనీ, ఊదాను నీలమనీ, లేత పచ్చను బూడిద రంగనీ అనవచ్చు. మచ్చ చిన్నదైనా, గీత సన్నదైనా తడబాటు పెరుగుతుంది.

అందుకే బొమ్మ చూపించి "ఇది ఏ రంగు?" అని అడగడం సరైన పరీక్ష కాదని నా గట్టి అభిప్రాయం. సరైన జవాబు వచ్చినా బొమ్మ అర్థమైనట్టు కాదు. "పోయినేడు దిగుబడి పెరిగిన జిల్లాలు ఏవి?" అని పటం చూపించి అడగాలి.

మనుషుల్ని అడిగే ముందు కంప్యూటర్‌తో ఒకసారి చూసుకోవచ్చు. దిగుబడి తగ్గిన జిల్లాలకు ముదురు ఎరుపు `#C00000`, పెరిగినవాటికి ఆకుపచ్చ `#008000` వేసిన పటం ఉందనుకోండి. బొమ్మను క్రోమ్ బ్రౌజర్‌లో తెరిచి F12 నొక్కండి. తర్వాత Ctrl+Shift+P నొక్కి Rendering అని టైపు చేసి, Show Rendering ఎంచుకోండి. వచ్చిన జాబితా కింది భాగంలో Emulate vision deficiencies ఉంటుంది. అక్కడ Deuteranopia పెట్టగానే రెండు రంగులూ దాదాపు ఒకే మట్టి పసుపుగా మారిపోతాయి. అలాంటి లెక్కింపు పద్ధతుల్లో ఒకదానితో నేను కట్టి చూస్తే ఎరుపు, పచ్చ, నీలం పాళ్లు మొదటిదానికి 122, 107, 0 వచ్చాయి, రెండోదానికి 119, 106, 24. పెరిగిన జిల్లా, తగ్గిన జిల్లా పక్కపక్కనే ఉంటే మధ్యలో గీత తప్ప మరేమీ మిగలదు.

అదే పటానికి Protanopia పెడితే ఎరుపు నల్లగోధుమకు దిగుతుంది, పచ్చ అంతకంటే తేలికగా నిలుస్తుంది. తేడా తెలుస్తుంది. ఈ ఒక్కటే చూసి వదిలేస్తే పటం బాగుందనుకుంటాం, కాబట్టి రెండూ చూడాలి. నలుపు తెలుపులోకి మార్చి చూడటం కూడా పనికొస్తుంది గానీ సరిపోదు. మన కంటికి ఎరుపు ఎంత వెలుగుగా ఉంటుందో ఆ లెక్కనే అది చూపుతుంది, ప్రోటనోపియా కంటికి ఉండే చీకటిని చూపదు. ఎర్ర అక్షరాలు నల్ల నేల మీద ఉన్నప్పుడు ఈ పొరపాటు బాగా దెబ్బ తీస్తుంది. జింప్ వాడేవారికి View, Display Filters, Color Deficient Vision దారి ఉంది. అది తెరమీద కనబడేదాన్ని మాత్రమే మారుస్తుంది, ఫైలును ముట్టుకోదు.

ఇవన్నీ ఒక రకం శంకుకణాలు పూర్తిగా లేని కంటికి కట్టిన లెక్కలు. కణం ఉండి కొద్దిగా తేడాగా పనిచేసేవారికి ఇంతకంటే బాగానే కనబడుతుంది, కాబట్టి ఇందులో నెగ్గిన పటం సాధారణంగా వారికీ ఇబ్బంది పెట్టదు. మన పటానికైతే పెరిగిన జిల్లాలకు నీలం `#0072B2`, తగ్గినవాటికి నారింజ ఎరుపు `#D55E00` వేస్తే చాలు, రెండు పరీక్షల్లోనూ విడివిడిగా కనబడతాయి. దాంతో పాటు తగ్గిన జిల్లాల మీద ఏటవాలు గీతలు కూడా వేస్తే, నలుపు తెలుపు జిరాక్స్ తీసినా పటం చదవడానికి వస్తుంది.