ఒకే వాయిదా, నెలకో ధర: సిప్‌లో సగటు కొనుగోలు ధర ఎలా తేలుతుంది

మ్యూచువల్ ఫండ్‌లో సిప్ అంటే నెలనెలా ఒక నిర్ణీత తేదీన నిర్ణీత మొత్తం బ్యాంకు ఖాతా నుంచి ఫండ్‌కు వెళ్లే ఏర్పాటు. ఇందులో మారకుండా ఉండేది రూపాయల లెక్క. ఆ రూపాయలకు ఎన్ని యూనిట్లు వస్తాయన్నది ఆ రోజు యూనిట్ ధరను బట్టి, అంటే ఎన్ఏవీని బట్టి ఉంటుంది. ఎన్ఏవీ పెరిగిన నెలలో తక్కువ యూనిట్లు, తగ్గిన నెలలో ఎక్కువ యూనిట్లు జమవుతాయి. దీన్నే రూపీ కాస్ట్ యావరేజింగ్ అంటారు. అమెరికాలో బెంజమిన్ గ్రాహం 1949లో వెలువరించిన ‘ది ఇంటెలిజెంట్ ఇన్వెస్టర్’లో డాలర్ల పేరుతో చర్చించిన పద్ధతీ ఇదే. ‘మార్కెట్ పడితే సిప్ చేసేవారికి మేలు’ అన్న మాట దీని మీదే నిలబడింది. ఆ మాట ఎంతవరకు నిజమో ఒక చిన్న లెక్క వేస్తే తేలిపోతుంది.

నెలకు 5,000 రూపాయల వాయిదా, ఆరు నెలల సిప్ అనుకుందాం. వాయిదా తేదీల్లో ఎన్ఏవీ వరుసగా 50, 40, 25, 20, 25, 40 రూపాయలు. లెక్క తేలిగ్గా కనబడాలని ఎన్నుకున్న అంకెలివి. నిజమైన ఈక్విటీ ఫండ్‌లో ఆరు నెలల్లో ఇంత ఊగిసలాట అరుదు. మొదటి నెల 100 యూనిట్లు వస్తాయి. రెండో నెల 125, మూడో నెల 200, నాలుగో నెల 250, ఆ తర్వాత 200, చివరగా 125. పెట్టిన డబ్బు 30,000 రూపాయలు, చేతికొచ్చినవి సరిగ్గా 1,000 యూనిట్లు. అంటే ఒక్కో యూనిట్ సగటున 30 రూపాయలకు పడింది.

ఇప్పుడు ఆ ఆరు ఎన్ఏవీలను కూడి ఆరుతో భాగిస్తే 200 ÷ 6, అంటే 33 రూపాయల 33 పైసలు. ధరల సగటు 33.33 ఉండగా కొనుగోలు సగటు 30 మాత్రమే. ధరలు అవే, నెలలు అవే, అయినా సగటున యూనిట్‌కు 3 రూపాయల 33 పైసలు తేడా వచ్చింది. అది ఎక్కడ పుట్టిందో చూడాలంటే ఇదే డబ్బును మరో విధంగా ఖర్చు పెట్టిన మదుపరిని పక్కన నిలబెట్టాలి. ఆయన రూపాయలకు బదులు యూనిట్లను స్థిరంగా ఉంచి, ప్రతి నెలా 150 యూనిట్లు కొన్నాడు. ఆయన కట్టింది వరుసగా 7,500, 6,000, 3,750, 3,000, 3,750, 6,000 రూపాయలు. మొత్తం అదే 30,000. చేతికొచ్చినవి మాత్రం 900 యూనిట్లు, ఒక్కోటి 33.33 రూపాయల చొప్పున. ధర 50 ఉన్న నెలలో ఆయన అందరికన్నా ఎక్కువ డబ్బు పెట్టాడు. 20కి దొరికిన నెలలో అన్నిటికన్నా తక్కువ పెట్టాడు. సిప్‌లో ఇలా జరగదు. 50 రూపాయల నెలకు 100 యూనిట్లే వాటా కాగా, 20 రూపాయల నెలకు 250 యూనిట్ల వాటా ఉంది. మొత్తం వెయ్యి యూనిట్లలో చౌకగా కొన్నవే ఎక్కువ గనుక సగటు అటువైపు ఒరిగింది.

ఈ సగటుకు గణితంలో హరాత్మక మధ్యమం అని పేరు. ధరలను నేరుగా కూడకుండా ముందు ప్రతి ధరకూ వ్యుత్క్రమం తీసుకోవాలి. అంటే ధర 50 అయితే 1/50. ఆ వ్యుత్క్రమాల సగటు కట్టి, వచ్చిన జవాబును మళ్లీ తిరగెయ్యాలి. పై ఆరు ధరలకు:

6 ÷ (1/50 + 1/40 + 1/25 + 1/20 + 1/25 + 1/40) = 6 ÷ 0.2 = 30

సిప్‌లోకి వ్యుత్క్రమం ఎలా వచ్చిందన్నది ఇక్కడ అసలు సంగతి. ధర 50 రూపాయలైతే ఒక్క రూపాయికి దొరికేది యూనిట్‌లో 1/50 వంతు. సిప్ చేసే వ్యక్తి ప్రతి నెలా అన్నే రూపాయలు పెడుతున్నాడు కాబట్టి, అతని విషయంలో సమానంగా సగటు కట్టదగినది ‘రూపాయికి ఎంత యూనిట్’ అన్న లెక్కే. ఆ సగటును తిరగేస్తే ‘యూనిట్‌కు ఎన్ని రూపాయలు’ అన్నది వస్తుంది. వాయిదా మొత్తం లవంలోనూ హారంలోనూ ఉండి కొట్టుకుపోతుంది. అందుకే నెలకు 500 కట్టినా 50,000 కట్టినా ఇవే ధరల మీద సగటు 30 రూపాయలే. వేగాల లెక్కలోనూ ఇదే జరుగుతుంది: ఒకే దారిలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లి 40తో తిరిగొచ్చిన బండి సగటు వేగం 50 కాదు, 48. నెమ్మదిగా నడిచిన సగానికి ఎక్కువ సమయం పట్టడం వల్ల ఆ తక్కువ వేగానికి బరువు పెరిగింది.

ధరలన్నీ ధనసంఖ్యలైనప్పుడు హరాత్మక మధ్యమం మామూలు సగటును, అంటే అంకమధ్యమాన్ని, ఎన్నడూ మించదు. ధరలన్నీ ఒకటే అయితే రెండూ సమానం. ఒక్క ధర తేడాగా ఉన్నా హరాత్మక మధ్యమం కిందికి దిగుతుంది. ఎంత దిగుతుందో రెండు ధరలతో తేలిగ్గా చూడవచ్చు. సగటు a, దానికి రెండు వైపులా తేడా d అనుకుంటే ధరలు a − d, a + d. వాటి హరాత్మక మధ్యమం:

a − d²/a

తేడాకు వర్గం ఉందన్నది గమనించాలి. ధరలు 29, 31 అయితే సగటు 30, తగ్గేది 1/30 రూపాయి, అంటే మూడు పైసలకు కాస్త ఎక్కువ. ధరలు 20, 40 అయితే సగటు అదే 30, కానీ తగ్గేది 100/30, అంటే 3 రూపాయల 33 పైసలు. ఊగిసలాట పది రెట్లు పెరిగితే లాభపడే తేడా వంద రెట్లు పెరిగింది. లిక్విడ్ ఫండ్ వంటి చోట ఎన్ఏవీ రోజూ కొద్దికొద్దిగా పైకే పోతుంది కనుక అక్కడ సిప్ వల్ల సగటులో వచ్చే తేడా దాదాపు శూన్యం. ఈ ప్రభావం కళ్లకు కనబడేది ఈక్విటీ ఫండ్లలోనే.

ఇంతవరకు చెప్పిందంతా గణితసత్యం, మార్కెట్ ఎలా ఉన్నా మారదు. అయితే దీన్ని లాభానికి హామీగా చదువుకోవడం పెద్ద పొరపాటు, చాలా ప్రచారాల్లో జరిగేది అదే. సగటు కొనుగోలు ధర ధరల వరుసను పట్టించుకోదు. అవే ఆరు ధరలను 50, 40, 40, 25, 25, 20 అని పేర్చినా వచ్చేవి 1,000 యూనిట్లే, సగటు 30 రూపాయలే. కానీ చివరి నెల ఎన్ఏవీ 20 గనుక వాటి విలువ 20,000, పదివేలు నష్టం. ధరల సగటు కన్నా మూడు రూపాయలకు పైగా చౌకగా కొన్న మదుపరే ఈ నష్టంలో ఉన్నాడు. మొదట చెప్పిన వరుసలో చివరి ధర 40 కాబట్టి విలువ 40,000, పదివేలు లాభం. ఆరు నెలల్లో ఎన్ఏవీ 50 నుంచి 40కి దిగినా లాభమే. అక్కడ మొదటి నెలలోనే 30,000 ఒకేసారి పెట్టి ఉంటే 600 యూనిట్లు, 24,000 రూపాయలు మిగిలేవి.

అదే ధరలు 20, 25, 25, 40, 40, 50 అని పైకి ఎక్కితే బొమ్మ తిరగబడుతుంది. సిప్ విలువ 50,000. మొదటి నెలలోనే మొత్తం పెట్టినవారికి 1,500 యూనిట్లు, 75,000 రూపాయలు. హరాత్మక మధ్యమం ఇక్కడా 30 రూపాయలే, అయినా మొదటి రోజు ధర 20తో అది పోటీ పడలేదు. ఎక్కువ కాలం పైకే సాగే మార్కెట్‌లో, చేతిలో ఉన్న పెద్ద మొత్తాన్ని వాయిదాలుగా పెట్టడం సగటున వెనకబడుతుంది. ఆగిన డబ్బు ఆ నెలలన్నీ పెరుగుదలకు దూరంగా ఉంటుంది కదా. నెల జీతంలోంచి మదుపు చేసేవారికి ఈ పోలికే వర్తించదు, వారి దగ్గర ముందుగా ఆ మొత్తం లేదు.

పడి లేచిన మార్కెట్‌కు భారతీయులకు బాగా గుర్తున్న ఉదాహరణ 2008. ఆ జనవరిలో 20,800 దాటి ముగిసిన సెన్సెక్స్ 2009 మార్చిలో 8,200 కన్నా దిగువకు జారి, 2010 నవంబరు మొదట్లో తిరిగి 21,000 అందుకుంది. శిఖరం దగ్గర ఒకేసారి పెట్టినవారికి దాదాపు మూడేళ్ల తర్వాత అసలు మాత్రమే చేతికొచ్చే చోట, వాయిదాలు ఆపకుండా సాగించినవారి దగ్గర మధ్యలోని చౌక యూనిట్లు ఉన్నాయి.

వాయిదాలు ఆపకపోవడం అన్నది లెక్కలో ఎంత ముఖ్యమో మన ఉదాహరణే చూపుతుంది. ధర 25, 20, 25 ఉన్న మూడు నెలలు భయపడి సిప్ నిలిపేసి, 40కి చేరాక మళ్లీ మొదలుపెట్టారనుకుందాం. కట్టింది 15,000, వచ్చినవి 350 యూనిట్లు, సగటు 42 రూపాయల 86 పైసలు. చివరి ఎన్ఏవీ 40తో విలువ 14,000. పూర్తిగా కట్టినవారికి పదివేలు లాభం వచ్చిన మార్కెట్‌లోనే వీరికి వెయ్యి నష్టం. మొత్తం యూనిట్లలో 650 ఆ మూడు నెలల్లోనే రావలసి ఉంది.

వాయిదా మొత్తం మారితే మామూలు హరాత్మక మధ్యమం పనికిరాదు. ఏటా వాయిదా పెంచే స్టెప్-అప్ సిప్‌లో ప్రతి ధరకూ ఆ నెల పెట్టిన డబ్బే బరువవుతుంది. 50 ధరలో 5,000, 25 ధరలో 10,000 పెడితే 15,000కు 500 యూనిట్లు, సగటు 30. ఆ రెండు ధరల మామూలు హరాత్మక మధ్యమం 33.33. ఏ సందర్భంలోనైనా తప్పని సూత్రం ఒక్కటే: మొత్తం డబ్బును మొత్తం యూనిట్లతో భాగించాలి.

ఖాతా స్టేట్‌మెంట్‌తో ఈ లెక్క సరిచూసుకునేటప్పుడు రెండు చిన్న తేడాలు కనిపిస్తాయి. మొదటిది స్టాంప్ డ్యూటీ. 2020 జులై 1 నుంచి ఫండ్ యూనిట్ల కొనుగోలుపై 0.005 శాతం వసూలవుతోంది కనుక 5,000లో 4,999.75 రూపాయలకే యూనిట్లు వస్తాయి. 50 ధరలో 100కు బదులు 99.995 యూనిట్లు కనిపిస్తాయి. రెండోది కొన్ని యూనిట్లు అమ్మినప్పుడు వచ్చే మార్పు. పన్ను లెక్కలో ముందు కొన్నవి ముందు అమ్మినట్టు పరిగణిస్తారు, ఒక్కో వాయిదాకు విడిగా కొనుగోలు తేదీ ఉంటుంది. మన వెయ్యి యూనిట్లలో 225 అమ్మితే పోయేవి 50కీ 40కీ కొన్న తొలి రెండు వాయిదాలే. మిగిలిన 775 యూనిట్ల కొనుగోలు ఖర్చు 20,000, సగటు 25 రూపాయల 81 పైసలు. కొత్తగా ఏమీ కొనకుండానే సగటు 30 నుంచి అంత కిందికి దిగుతుంది.