బ్యూరెట్ పఠనంలో యథార్థత, కచ్చితత్వం: నేల సేంద్రియ కర్బన పరీక్ష ఆధారంగా ఒక వివరణ

ఒకే రాశిని పలుమార్లు కొలిచినపుడు ఫలితాలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో తెలిపేది కచ్చితత్వం (ప్రెసిషన్). ఆ ఫలితాలు అసలు విలువకు ఎంత దగ్గరగా ఉన్నాయో తెలిపేది యథార్థత (ఆక్యురసీ). మొదటిది ఉన్నంత మాత్రాన రెండవది ఉన్నట్లు కాదు. ఈ భేదం నేల పరీక్షలో రైతుకిచ్చే సిఫారసునే మార్చగలదు.

వాక్లీ, బ్లాక్ పద్ధతిలో ఒక గ్రాము మట్టికి పిపెట్‌తో 10 మి.లీ. నార్మల్ పొటాషియం డైక్రోమేట్‌ను, తరువాత 20 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని కలుపుతారు. అరగంట తరువాత నీటితో విలీనం చేసి, ఆర్థోఫాస్ఫారిక్ ఆమ్లం, డైఫీనైల్ అమీన్ సూచిక చేర్చి, మిగిలిన డైక్రోమేట్‌ను 0.5 నార్మల్ ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో అంశమాపనం చేస్తారు. మట్టి లేకుండా చేసిన బ్లాంక్ పఠనం B, మట్టి నమూనా పఠనం S అయితే,

సేంద్రియ కర్బన శాతం = 10 × (B − S) ÷ B × 0.3

ఫలితం 0.50 శాతం లోపు ఉంటే తక్కువగాను, 0.50 నుండి 0.75 వరకు మధ్యస్థంగాను పరిగణిస్తారు. తక్కువ అని తేలినపుడు నత్రజని మోతాదును పెంచి సిఫారసు చేస్తారు.

జక్రాన్‌పల్లి మండలంలో పసుపు వేసే ఒక చేను నుండి నమూనా వచ్చిందనుకొందాము. బ్లాంక్ 20.00 మి.లీ., నమూనాకు అసలు రావలసిన పఠనం 16.80 మి.లీ. అనుకొంటే సేంద్రియ కర్బనం 0.48 శాతం, అనగా తక్కువ. మొదటి విద్యార్థికి మూడు మార్లు 16.70, 16.95, 16.75 వచ్చాయి. విలువలు చెదిరి ఉన్నా సగటు 16.80 మి.లీ.యే. రెండవ విద్యార్థికి 16.60, 16.60, 16.65 వచ్చాయి. ఇవి ఎంతో పొందికగా ఉన్నాయి. కాని సగటు 16.62 వలన ఫలితం 0.51 శాతమై, నేల మధ్యస్థ తరగతిలోకి మారింది. రైతుకు పెంచవలసిన నత్రజని సిఫారసులో లేకుండా పోయింది.

రెండవ విద్యార్థి పఠనాలు ఏకరీతిగా తగ్గడానికి కారణం దృష్టి విక్షేప దోషం. బ్యూరెట్‌లో సున్నా గుర్తు కంటికి సమానమైన ఎత్తులో ఉన్నది. అంశమాపనం ముగిసేసరికి ద్రవమట్టం దాదాపు జానెడు కిందికి దిగింది. తల వంచకుండా పైనుండి చూచినపుడు చూపు గాజు ముందుభాగాన్ని మెనిస్కస్ కంటె ఎగువన తాకుతుంది. బ్యూరెట్‌లో అంకెలు పైనుండి కిందికి పెరుగుతాయి గనుక పఠనం తక్కువగా వస్తుంది. కొలజాడీలో అంకెలు కింది నుండి పైకి పెరుగుతాయి గనుక, అదే తప్పు అక్కడ ఎక్కువ చూపుతుంది. ప్రతిసారి ఒకే దిశలో వచ్చే ఇట్టి క్రమదోషాన్ని సగటు తొలగించలేదు. సగటు తగ్గించేది మొదటి విద్యార్థి పఠనాలలోని యాదృచ్ఛిక దోషాన్ని మాత్రమే.

బ్లాంక్‌ను కూడ అదే విద్యార్థి అదే విధంగా చూచి 19.75గా నమోదు చేసి ఉంటే ఫలితం మరల 0.48కే వచ్చేది, సూత్రంలోని నిష్పత్తి ఆ దోషాన్ని చాలావరకు కొట్టివేస్తుంది. బ్లాంక్‌ను ఒకరు, నమూనాలను వేరొకరు చదివినపుడే ఈ దోషం పూర్తిగా బయటపడుతుంది.

సరిగా చదవడానికి ముందుగా గరాటును తీసివేసి, కొనలో గాలిబుడగ లేదని చూడాలి. కుళాయి మూసిన తరువాత గోడల వెంట ద్రవం దిగడానికి అర నిమిషం ఆగాలి. బ్యూరెట్ చుట్టూ ఉన్న గీత ముందుభాగం, వెనుకభాగం ఒకే రేఖగా కనిపించినపుడు కన్ను సరియైన ఎత్తులో ఉన్నట్లు. ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్ వంటి పారదర్శక ద్రావణాలకు మెనిస్కస్ అడుగు అంచును, పొటాషియం పర్మాంగనేట్ వంటి ముదురు ద్రావణాలకు పై అంచును చదవాలి. 0.1 మి.లీ. విభాగాలు గల బ్యూరెట్‌లో 0.05 వరకు అంచనా వేయవచ్చును. ఈ పరీక్షలో అది 0.0075 శాతం కర్బనానికి సమానం. ఆమ్లం పరిమాణం సూత్రంలో లేదు గనుక దానికి కొలజాడీ చాలును. డైక్రోమేట్‌కు అది పనికిరాదు.

పఠనాలు పొందికగా ఉన్నపుడు కూడ యథార్థతను విడిగా పరీక్షించాలి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద బ్యూరెట్ నుండి 20 మి.లీ. స్వేదనజలం వదిలి తూచితే, గాలిలో సుమారు 19.92 గ్రాములు రావాలి. కర్బన శాతం ముందే తెలిసిన ఒక మట్టిని ప్రతి విడత నమూనాలతో కలిపి పరీక్షించాలి. దాని పఠనాలు పరస్పరం కలిసి, తెలిసిన విలువతో కలవకపోతే దోషం క్రమమైనది. ఆ విడతలో 0.50 శాతానికి ఇరువైపులా వచ్చిన నమూనాలను మరల అంశమాపనం చేయాలి.