వేడినీళ్లూ చన్నీళ్లూ కలిస్తే పోయేదేమిటి?

స్నానాల గదిలో మిక్సర్ కుళాయికి రెండు గొట్టాలు ఉంటాయి. ఒకదానిలో మేడ మీది సోలార్ హీటర్ నుంచి 60 డిగ్రీల నీళ్లు, రెండోదానిలో ట్యాంకు నుంచి 20 డిగ్రీల నీళ్లు వస్తాయి. రెండు ధారలూ నిమిషానికి 6 లీటర్ల చొప్పున, అంటే సెకనుకు 0.1 కిలో చొప్పున వస్తున్నాయనుకుందాం. ప్రవాహం, ఉష్ణోగ్రతలు కాలంతో మారకపోతే అది స్థిర ప్రవాహం. కుళాయి గోడల గుండా వేడి బయటికి పోకపోతే అది స్థిరోష్ణక మిశ్రణం. నీళ్లు కుళాయిని క్షణాల్లో దాటిపోతాయి కాబట్టి ఈ ఊహ వాస్తవానికి చాలా దగ్గరగా ఉంటుంది.

వేడి ధార కోల్పోయినంత శక్తినీ చల్లని ధార పొందుతుంది. రెండూ సమానం కాబట్టి బయటికి వచ్చే నీళ్లు సరిగ్గా 40 డిగ్రీల దగ్గర ఉంటాయి. శక్తి లెక్కలో నష్టమేమీ కనిపించదు.

నష్టం ఎంట్రోపీ లెక్కలో బయటపడుతుంది. ఒక్కో ధార ఎంట్రోపీ మార్పును ఈ సూత్రం ఇస్తుంది:

ΔS = m c ln(T₂/T₁)

ఇక్కడ m సెకనుకు ప్రవహించే ద్రవ్యరాశి, c నీటి విశిష్టోష్ణం (కిలోకు, కెల్విన్‌కు 4.18 కిలోజౌళ్లు), T₁ లోపలికి వచ్చేటప్పటి ఉష్ణోగ్రత, T₂ బయటికి వెళ్లేటప్పటిది. ఉష్ణోగ్రతలను కెల్విన్‌లోనే వేయాలి. వేడి ధార 333 నుంచి 313 కెల్విన్‌కు దిగితే, దాని ఎంట్రోపీ కెల్విన్‌కు 25.9 వాట్ల చొప్పున తగ్గుతుంది. చల్లని ధార 293 నుంచి 313కు చేరితే 27.6 చొప్పున పెరుగుతుంది. చేతులు మారిన వేడి ఒకటే అయినా, తక్కువ ఉష్ణోగ్రతలో అందుకున్న వైపు ఎంట్రోపీ ఎక్కువ పెరుగుతుంది. ఈ తేడా, కెల్విన్‌కు 1.7 వాట్లు, కుళాయిలో కొత్తగా పుట్టిన ఎంట్రోపీ.

దీనిని పరిసరాల ఉష్ణోగ్రతతో, అంటే 293 కెల్విన్‌తో గుణిస్తే దాదాపు 500 వాట్లు వస్తాయి. ఆదర్శ ఉష్ణయంత్రాన్ని ఈ పరిసరాల్లో నడిపితే, కలపకముందు వేడి ధార నుంచి 1,046 వాట్ల పని రాబట్టవచ్చు. కలిశాక వచ్చిన ధార నుంచి 546 వాట్లే దక్కుతాయి. శక్తి అంతా నీళ్లలోనే ఉన్నా, పని చేయగల సామర్థ్యంలో సుమారు సగం తిరిగి రాకుండా పోయింది.

లెక్కలో ఎక్కువగా జరిగే పొరపాటు సూత్రంలో సెల్సియస్ అంకెలు వేయడం. అప్పుడు 1.7కు బదులు 120 వస్తుంది. మరో చిక్కు గొట్టాల్లో వేడి కారిపోవడం. బయటి నీళ్లు 40కి బదులు 39 డిగ్రీలు చూపితే, ధారల ఎంట్రోపీ మార్పుల మొత్తం ఒకటికి దగ్గరగా రుణసంఖ్య అవుతుంది. రెండో నియమం తప్పిందని అనిపించినా, తప్పింది స్థిరోష్ణకమన్న ఊహే. బయటికి పోయిన 836 వాట్ల వేడిని 293తో భాగిస్తే వచ్చే 2.85ను కూడా కలిపితే, పుట్టిన ఎంట్రోపీ మళ్లీ ధనసంఖ్యగా, కెల్విన్‌కు 1.9 వాట్లుగా తేలుతుంది.